ఫోన్‌కు అర్థమైన మాట ల్యాప్‌టాప్‌కు ఎందుకు అర్థం కాదు?

హౌన్స్‌లోలో ఉన్నా, మిల్టన్ కీన్స్‌లో ఉన్నా మనవాళ్లు నలుగురు కలిసినచోట కంప్యూటర్ల మాట వస్తే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఫోన్లో వాట్సాప్ తెరిచి, కీబోర్డు మీది మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు చకచకా పడిపోతాయి. ఆ మనిషే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కౌన్సిల్ టాక్స్ వాళ్లకు నాలుగు వాక్యాల ఉత్తరం చెబుదామంటే కొన్ని మాటలు తప్పుగా పడతాయి, కొన్ని అసలే పడవు. ఒక్కోసారి అంతా మాట్లాడాక చూస్తే తెర మీద ఏమీ ఉండదు. ఎందుకిలా?

ల్యాప్‌టాప్‌లోని డిక్టేషన్‌కు తెలివి తక్కువని చాలామంది అక్కడితో వదిలేస్తారు. అసలు సంగతి అది కాదు. ఏ మైకుతో వినాలి, ఏ భాషగా వినాలి, విన్నది ఎక్కడ రాయాలి అన్న మూడు సంగతులను ఫోన్ చాలావరకు తనే చూసుకుంటుంది. కంప్యూటర్ ఆ మూడూ మనకే వదిలేస్తుంది, పైగా వదిలేసినట్టు చెప్పదు. పొరపాటు ఈ మూడింటిలో ఎక్కడుందో పట్టుకోగలిగితే సగం పని అయినట్టే.

ముందు షార్ట్‌కట్ సంగతి

విండోస్ 11లో అక్షరాలు పడాల్సిన చోట ఒకసారి క్లిక్ చేసి, కర్సర్ మెరుస్తోందని చూసుకుని, `Win + H` నొక్కాలి. మైకు బొమ్మతో చిన్న పట్టీ ఒకటి తెరుచుకుంటుంది. మాట్లాడటం అయ్యాక అవే కీలు మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. ఆ పట్టీలోనే సెట్టింగుల చక్రం ఉంటుంది. అందులో `Automatic punctuation` ఆన్ చేస్తే ఇంగ్లీషులో కామాలు, ఫుల్ స్టాపులు చాలావరకు అదే పెడుతుంది. మన మాట మైక్రోసాఫ్ట్ సర్వర్ల దాకా వెళ్లి అక్షరాలై తిరిగి వస్తుంది కాబట్టి ఇంటర్నెట్ తప్పనిసరి. రైల్లో సిగ్నల్ పోతే డిక్టేషన్ కూడా పోతుంది.

ఆపిల్ సిలికాన్ ఉన్న చాలా మాక్‌బుక్‌లలో పై వరుసలో మైకు బొమ్మ ఉన్న `F5` కీ ఆ పని చేస్తుంది. 30 సెకన్లు ఏమీ మాట్లాడకపోతే అది తనంతట తనే ఆగిపోతుంది. ఆలోచించుకుంటూ చెప్పే అలవాటున్నవాళ్లకు మధ్యలో మాటలు పోవడానికి ఇదొక కారణం.

ఏ భాషగా వింటోంది?

ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకుని మైకు నొక్కితే తెలుగుగానే వింటుంది. గూగుల్ 2017లోనే తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది అందరికీ అలవాటైపోయింది. విండోస్‌లోనూ సూత్రం అదే: కీబోర్డు ఏ భాషలో ఉంటే డిక్టేషన్ ఆ భాషలోనే వింటుంది. కానీ బ్రిటన్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో యూకే ఇంగ్లీషు ఒక్కటే ఉంటుంది. మనం తెలుగులో మాట్లాడినా అది ఇంగ్లీషు మాటలనే వెతుక్కుంటుంది.

సరిచేయడం కష్టమేమీ కాదు. `Settings`లో `Time & language`, అందులో `Language & region`, అక్కడ `Add a language` నొక్కి తెలుగు చేర్చుకోవాలి. ఆ తర్వాత `Win + Space` నొక్కి తెలుగుకు మారి, అప్పుడు `Win + H` నొక్కాలి. ముందు భాష మార్చాలి, తర్వాతే మైకు. ఈ వరుస తప్పితే ఫలితమూ తప్పుతుంది.

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఇంకో మెలిక ఉంది. యూకే ఇంగ్లీషు మన యాసకు తడబడుతుంటే ఇంగ్లీష్ ఇండియాను కూడా భాషగా చేర్చుకుని చూడాలి. చదవగానే అందరూ వెంటనే చేసేస్తారు, మరుసటి రోజే కీబోర్డు పాడైందని కంగారు పడతారు. దానికి కారణం ఇదీ. ఇంగ్లీష్ ఇండియా చేర్చినప్పుడు దానితోపాటు అమెరికా వరుసకు దగ్గరగా ఉండే కీబోర్డు అమరిక కూడా వస్తుంది. బ్రిటిష్ కీబోర్డు మీద `Shift + 2` నొక్కితే `"` రావాలి, దాని బదులు `@` వస్తుంది. `Shift + 3` నొక్కితే `£` బదులు `#` పడుతుంది. ఈమెయిల్ చిరునామాలో, పాస్‌వర్డులో ఇది చేసే చికాకు ఇంతా అంతా కాదు. విరుగుడు ఏమిటంటే, భాషల జాబితాలో ఇంగ్లీష్ ఇండియా పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, `Language options`లోకి వెళ్లి, `United Kingdom` కీబోర్డును చేర్చి, పాత అమరికను తీసేయాలి. అప్పుడు చెవి భారతీయ ఇంగ్లీషుది, కీలు బ్రిటన్‌వి అవుతాయి.

యూకే ఇంగ్లీషు, ఇంగ్లీష్ ఇండియా రెండింటిలో మీకు ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి ఒకే పేరా చాలు. ఉదాహరణకు, మార్చిలో స్లౌ నుంచి హౌన్స్‌లోకు ఇల్లు మారామని, పాత ఇంటి టాక్స్ ఖాతా మూసేయమని, కట్టిన సొమ్ములో మిగిలింది వెనక్కి ఇవ్వమని చెప్పే ఉత్తరం తీసుకోండి. దాన్ని ఒకే వేగంతో ఆ రెండింటిలోనూ చెప్పి, ఎక్కడెక్కడ తప్పులు పడ్డాయో గుర్తు పెట్టండి. ఊళ్ల పేర్లు ఒకదానిలో, మామూలు వాక్యాలు ఇంకోదానిలో బాగా రావచ్చు. రోజూ మీరు రాసే ఉత్తరాల్లో ఏవి ఎక్కువో దాన్నిబట్టి ఎంచుకోవాలి.

ఏ మైకుతో వింటోంది?

నా లెక్కలో ఎక్కువ తప్పులకు మూలం ఇక్కడే ఉంది, కానీ ఎవరూ ఇక్కడ వెతకరు. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పట్టుకుంటాం. ల్యాప్‌టాప్ మైకు రెండు మూడు జానల అవతల ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం మాత్రం అలా తగ్గదు. పైగా ఫ్యాన్ అదే పెట్టెలో తిరుగుతుంది, కీల చప్పుడూ అక్కడే. ఫోన్లలో సాధారణంగా ఒకటికి మించి మైకులుంటాయి, వాటి సాయంతో పక్క శబ్దాన్ని తగ్గించుకుంటాయి.

దూరాన్ని తప్పించుకుందామని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కొన్నిసార్లు పరిస్థితి ఇంకా దిగజారుతుంది. పాట వినేటప్పుడు అవి మంచి నాణ్యతలో పనిచేస్తాయి. మైకు తెరుచుకున్న మరుక్షణం ఫోన్ కాల్‌కు వాడే పద్ధతికి మారిపోతాయి. పాత రకాల్లో ఆ పద్ధతి సెకనుకు 8,000 నమూనాలే తీసుకుంటుంది. అంటే 4,000 హెర్ట్‌జ్‌కు పైనున్న ధ్వని ఏదీ దాటి రాదు. స, శ, ష, ఫ లాంటి హల్లుల్ని విడదీసి గుర్తుపట్టడానికి కావలసిన ధ్వనిలో చాలాభాగం అక్కడే ఉంటుంది. అచ్చులు బాగానే వినిపిస్తాయి, హల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

దీన్ని పట్టుకోవడం సులువు. ఇయర్‌ఫోన్లలో పాట పెట్టి `Win + H` నొక్కండి. పాట ఉన్నట్టుండి పాత టెలిఫోన్‌లోంచి వచ్చినట్టు మొద్దుబారితే దోషి దొరికినట్టే. `Settings`లో `System`, తర్వాత `Sound`, అందులో `Input` కింద ల్యాప్‌టాప్ సొంత మైకునే ఎంచుకుంటే వినడానికి ఇయర్‌ఫోన్లు, చెప్పడానికి ల్యాప్‌టాప్ అవుతాయి. వైరున్న మామూలు హెడ్‌సెట్ ఉంటే ఇంకా మంచిది.

తప్పు మైకుదో కాదో తేలకపోతే సౌండ్ రికార్డర్‌లో అదే పేరా చదివి రికార్డు చేసుకుని వినండి. మీకే మాటలు స్పష్టంగా లేకపోతే మైకుదే తప్పు. మీకు స్పష్టంగా వినిపించి, అక్షరాలు మాత్రం తప్పుగా పడుతుంటే భాష దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

పేర్లే ఎందుకు తప్పుతాయి?

మైకూ భాషా సరిగ్గా ఉన్నా మన ఇంటిపేర్లు, ఊరి పేర్లు వింతగా పడతాయి. దీని కారణం లండన్‌లోనే చాలా ఏళ్ల కిందట మొదలైన ఒక ఆలోచనలో ఉంది. 1959లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో డెనిస్ ఫ్రై, పీటర్ డెనెస్ 4 అచ్చులు, 9 హల్లులు గుర్తుపట్టే యంత్రాన్ని తయారుచేశారు. విన్న ధ్వని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ఇంగ్లీషులో ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని వచ్చే అవకాశం ఎక్కువో కూడా దానికి లెక్కగా ఇచ్చారు. ఇప్పటి డిక్టేషన్ కూడా ఈ రెండింటినీ కలిపే తేలుస్తుంది, ధ్వనుల స్థాయి నుంచి మాటలు, వాక్యాల స్థాయికి ఎదిగింది. కాబట్టి సందేహం వచ్చినప్పుడల్లా అది ఎక్కువగా వాడుకలో ఉన్న మాట వైపే మొగ్గుతుంది. ఇంగ్లీషు వాక్యం మధ్యలో వచ్చిన యార్లగడ్డ దాని లెక్కలో జరగని పని.

ఐఫోన్‌లాంటి వాటిలో డిక్టేషన్ మన కాంటాక్టుల్లోని పేర్లను సాయంగా తీసుకోగలదు. `Win + H`కు అలాంటి ఆసరా లేదు. పేరు ప్రతిసారీ ఒకే రకంగా తప్పుతుంటే చివర్లో వర్డ్‌లో `Ctrl + H` తెరిచి అన్నిచోట్లా ఒకేసారి మార్చుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంటే పేరు దగ్గర ఆగి చేత్తో కొట్టడమే త్వరగా అవుతుంది.

అక్షరాలు ఎటు పోతున్నాయి?

ఆఫీసు పనులు రిమోట్ డెస్క్‌టాప్‌లో చేసేవాళ్లకు ఎదురయ్యేది ఇది. కిటికీ చిన్నదిగా ఉన్నప్పుడు `Win + H` మన ముందున్న కంప్యూటర్‌కే అందుతుంది, కానీ రాయాల్సిన చోటు అవతలి కంప్యూటర్‌లో ఉంటుంది. తెర నిండా తెరిస్తే కీలు అవతలికి వెళ్తాయి, మైకు మాత్రం ఇవతలే ఉండిపోతుంది. కనెక్ట్ అయ్యేముందు `Local Resources`లో `Remote audio` సెట్టింగులు తెరిచి `Record from this computer` ఎంచుకుంటే మైకు కూడా వెళ్తుంది. ఆఫీసువాళ్లు దాన్ని మూసేసి ఉంటే, రిమోట్ కిటికీ బయట నోట్‌ప్యాడ్‌లో చెప్పి కాపీ చేసుకోవాలి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పట్టీ తెరుచుకుని వెంటనే మూసుకుపోతుంటే, స్పీచ్ సెట్టింగు మార్చే వీలు లేకుండా బూడిదరంగులో కనిపిస్తుంటే, ఐటీ విభాగం దాన్ని ఆపేసిందని అర్థం. మాట బయటి సర్వర్లకు వెళ్తుంది కాబట్టి రోగుల వివరాలు, ఖాతాదారుల వివరాలు చూసే చోట్ల అలా ఆపడం సమంజసమే. దాన్ని తప్పించుకునే దారులు వెతకకూడదు. ముఖ్యంగా ఆ వివరాలను సొంత ఫోన్‌కు చెప్పకూడదు.

ఇవన్నీ సరిచేశాక కూడా

పొడుగాటి తెలుగు రాతలో ఫోన్‌దే పైచేయి. ఫోన్లో తప్పు మాట మీద వేలు పెడితే కింద కీబోర్డు అక్కడే సిద్ధంగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఒక్క దీర్ఘం సరిచేయాలన్నా తెలుగు టైపింగ్ వచ్చి ఉండాలి. విండోస్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది, కానీ చాలామందికి అది అలవాటు లేదు. అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. ఒకే గూగుల్ డాక్యుమెంటును ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ తెరవండి. ఫోన్‌కు చెప్పండి, పెద్ద తెర మీద చదువుకోండి, తప్పు కనబడినచోట ఫోన్లోనే వేలితో దిద్దండి. ఇంగ్లీషు ఉత్తరాలు, మెయిళ్లకు మాత్రం `Win + H` దగ్గరే ఉండండి.