ఒకే రక్తకణం, రెండు రకాల మరణం

బి గ్రూపు రోగికి పొరపాటున ఎ గ్రూపు రక్తం ఎక్కించారనుకుందాం. రక్తం కొద్దిగా లోపలికి పోగానే చలి, జ్వరం, నడుము నొప్పి ఆరంభమవుతాయి. రక్తపు పోటు పడిపోతుంది. కొంతసేపటికి మూత్రం ఎర్రబడుతుంది. వైద్యుడు మొట్టమొదట చేయవలసిన పని రక్తం ఎక్కించడం ఆపివేయడం.

ఇప్పుడు మరొక ఉదాహరణ చూద్దాం. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, గర్భంలోని శిశువు పాజిటివ్. ఇక్కడ కూడా శిశువు ఎర్రకణాలు నశిస్తాయి. కాని అందుకు వారాలు పడుతుంది. శిశువు పాలిపోతుంది, పుట్టిన తొలి రోజుననే పచ్చకామెర్లు కనిపిస్తాయి.

రెండు చోట్లా చంపించేది యాంటీబాడీయే. అయితే ఒకచోట నిమిషాలలో జరిగే పని మరొకచోట అంత మెల్లగా జరగడమెందుకు?

రెండు చోట్లా పనిచేసే యాంటీబాడీ ఒకే తెగకు చెందినది కాదు. ఎ గుర్తుపై దాడి చేసేది ప్రధానంగా ఐజీఎం. ఐదు యాంటీబాడీలు ఒకటిగా అతుక్కున్నంత పెద్ద అణువు అది. రక్తంలో తేలుతున్నంతసేపూ నక్షత్రంలా చదునుగా ఉంటుంది. కణాన్ని పట్టుకోగానే పీతలా వంగుతుంది. అలా వంగినప్పుడు దాని మధ్యభాగం బయటపడి, సి1క్యూ అనే ప్రోటీనుకు చోటు దొరుకుతుంది. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరుసలో ఇదే మొదటిది. ఒకటి రెండవదానిని, రెండవది మూడవదానిని మేల్కొలుపుతూ పోయి, చివరకు కణం పొరకు రంధ్రం పడుతుంది. కణం రక్తనాళంలోనే పగిలిపోతుంది. మూత్రానికి ఎరుపు తెచ్చేది అందులోనుంచి ఒలికిన హీమోగ్లోబినే.

ఈ కాంప్లిమెంట్‌ను 1890ల్లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో జూల్స్ బోర్డే గుర్తించాడు. రోగనిరోధక శక్తి పొందిన జంతువు సీరంను 56 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేస్తే దాని సంహారశక్తి పోయింది. టీకా వేయని జంతువు తాజా సీరం కొంచెం కలిపితే మళ్ళీ వచ్చింది. యాంటీబాడీ వేడికి తట్టుకున్నది, తట్టుకోలేనిది మరొకటి. ఇందుకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమానం ఆయనకు లభించింది.

ఆర్‌హెచ్ గుర్తుపై దాడి చేసేది ఐజీజీ. సి1క్యూను పట్టి ఉంచాలంటే పక్కపక్కనే కనీసం రెండు ఐజీజీలు ఉండాలి. ఒక ఎర్రకణంపై ఎ గుర్తులు సుమారు 10 లక్షలుంటే, ఆర్‌హెచ్‌కు చెందిన డి గుర్తులు 10 వేల నుంచి 30 వేలు మాత్రమే. దూరదూరంగా కూర్చున్న ఐజీజీలు కాంప్లిమెంట్‌ను లేపలేవు. అందువల్ల కణం పగలదు; ప్లీహంలోని భక్షక కణాలు ఐజీజీ తోక పట్టుకొని దానిని ఒక్కొక్కటిగా మింగుతాయి. ఆలస్యానికి ఇదీ కారణం.

మరి శిశువును చేరేది ఐజీజీ ఒక్కటే ఎందుకు? మాయ దానిని చేయి పట్టి దాటిస్తుంది, భారీ ఐజీఎంను దాటనివ్వదు. శిశువును వ్యాధులనుంచి కాపాడటానికి ఏర్పడిన దారే ఇక్కడ శత్రువుకు తలుపు తీస్తున్నది. తల్లి ఓ, శిశువు ఎ అయిన సందర్భాలలో ఆపద సాధారణంగా స్వల్పమే. ఓ గ్రూపు తల్లులలో కొంత ఐజీజీ ఉండటం వల్ల అప్పుడప్పుడు కామెర్లు మాత్రం వస్తాయి.

మిగిలిన తెగల కథ వేరు. ఐజీఏ కన్నీరు, చనుబాలు, పేగుల పొరను కాపలా కాస్తుంది. ఐజీఈ పురుగులతో పోరాడుతుంది. ఉబ్బసంలోనూ దాని చేయి ఉంటుంది. ఐజీడీ పని ఏమిటో శాస్త్రజ్ఞులు నేటికీ పూర్తిగా తేల్చలేదు.

కాంప్లిమెంట్‌కు ఈ యాంటీబాడీ దారి ఒక్కటే కాదు. సూక్ష్మజీవుల గోడపై ఉండే మానోజ్ వంటి చక్కెరను చూసి మేలుకొనే దారి ఒకటి. ఏ సూచనా లేకుండానే ఎల్లప్పుడూ మెల్లగా సాగే దారి ఇంకొకటి. అది మన కణాలపైనా వాలుతుంది. వాటి పైనున్న రక్షక ప్రోటీన్లు అడ్డుపడతాయి. ఆ రక్షణ లోపించిన అరుదైన వ్యాధిలో, ఏ యాంటీబాడీ లేకుండానే రోగి ఉదయపు మూత్రం ఎర్రగా వస్తుంది.

1943లో ఫిలిప్ లెవీన్ ఒక వింత గమనించాడు. ఆర్‌హెచ్ తేడాకు తోడు తల్లీబిడ్డల గ్రూపులు కూడా కలవనప్పుడు ఆర్‌హెచ్ వ్యాధి తక్కువ! ప్రసవంలో తల్లి రక్తంలోకి జారిన శిశువు కణాలను, తల్లి రోగనిరోధక వ్యవస్థ డి గుర్తును నేర్చుకొనేలోపే ఐజీఎం ధ్వంసం చేస్తుంది. 1960ల్లో వైద్యులు ఈ ఉపాయాన్నే అనుకరించి, ప్రసవమైన 72 గంటలలోగా తల్లికి డి వ్యతిరేక ఐజీజీ ఇవ్వసాగారు. సాధారణంగా ఇచ్చే 300 మైక్రోగ్రాములు 30 మిల్లీలీటర్ల శిశు రక్తానికి సరిపోతాయి. తల్లిలో యాంటీబాడీ అప్పటికే తయారై ఉంటే ఈ ఇంజెక్షన్ పనిచేయదు. కూంబ్స్ పరీక్ష చేస్తే ఆ సంగతి ముందే తెలుస్తుంది.