అవ్వ ముఖానికి అదే ఎండ

గృహప్రవేశం గ్రూప్ ఫొటోలో అందరూ బాగా వచ్చి, అవ్వ ఒక్కతే కళ్లు మూసుకుంటే స్టూడియోలో చేసే పని తెలిసిందే. ఆ రోజే తీసిన మరో ఫొటోలోంచి ఆమె ముఖం తెచ్చి అక్కడ పెడతారు. అంచులు చక్కగా కలుస్తాయి, రంగూ కుదురుతుంది. అయినా ఫొటో చూసిన వాళ్లు ‘ఏదో తేడాగా ఉంది’ అంటారు. ఆ తేడా చాలాసార్లు ఎండలోనే ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ల మీద ఒక వైపు నుంచి పడిన ఎండ, అవ్వ ముఖం మీద ఇంకో వైపు నుంచి పడి ఉంటుంది.

కర్నూలు జిల్లా ఆలూరులో ఈ పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఊరు సుమారు 15.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం 12.20 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అదే రోజుల్లో ఉదయం 9.10కి తూర్పున 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మనిషి నీడ మనిషంత పొడవుగా పడే వేళ అది. ఆ సమయంలో కుటుంబమంతా ఆగ్నేయం వైపు ముఖం పెట్టి వాకిట్లో నిలబడిందనుకుందాం. ఎండ వాళ్ల ఎడమ భుజం మీదుగా వస్తుంది. అంటే ఫొటో చూసేవాళ్లకు కుడివైపు పైనుంచి. కాబట్టి ముక్కు నీడ ఫొటోలో ఎడమకు, కిందికి జారి నోటి మూల దగ్గర ఆగాలి. గడ్డం నీడ మెడ మీద ఎడమ పక్కకు ఒరగాలి.

తెచ్చిన ముఖమేమో ఇంట్లో తీసింది. తలుపులోంచి మెత్తటి వెలుగు ఫొటోలో ఎడమవైపు నుంచి పడుతోంది. ఫొటోను అద్దంలోలాగా అడ్డంగా తిప్పేస్తే సరిపోతుందని ముందు అనిపిస్తుంది. కానీ అవ్వకు ముక్కుపుడక ఉంది. తిప్పితే అది రెండో వైపుకు పోతుంది, చెంప మీది పుట్టుమచ్చా పోతుంది. ఇంటివాళ్లు చూడగానే పట్టేస్తారు. అందుకే తిప్పకుండా వెలుగునే సరిచేయాలి.

డాడ్జ్, బర్న్ అనేవి కంప్యూటర్‌తో పుట్టిన పనులు కావు. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ కింద కాగితం మీద వెలుగు పడుతుంటే, తీగకు అంటించిన అట్టముక్క అడ్డం పెట్టి కొంత భాగానికి వెలుగు తగ్గిస్తే అక్కడ తెల్లబడేది. అది డాడ్జ్. చేతుల మధ్య సందులోంచి ఒక భాగానికే ఇంకాస్త వెలుగు పడనిస్తే అక్కడ నల్లబడేది. అది బర్న్. ఫొటోషాప్‌లో ఈ రెండు పనిముట్లనూ నేరుగా ముఖం మీద వాడితే తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం. అందుకని ముఖం లేయర్ పైన Overlay మోడ్‌లో కొత్త లేయర్ తెరిచి, 50 శాతం బూడిద రంగు నింపి, ముఖానికి మాత్రమే వర్తించేలా క్లిప్ చేస్తారు. Overlayలో ఆ బూడిద రంగు కనిపించదు. దాన్ని తెల్లబరిస్తే కింది ముఖం వెలుగుతుంది, నల్లబరిస్తే మసకబారుతుంది. Exposure 3 నుంచి 5 శాతమే పెట్టి, ఒకే చోట పలుమార్లు మెల్లగా బ్రష్ తిప్పాలి.

మొదటి పని పాత వెలుగు గుర్తులను చెరపడం. ఫొటోలో కుడి చెంప కాస్త చీకటిగా ఉంది, దాన్ని డాడ్జ్ చేసి ఎడమ చెంపకు సమానం చేయాలి. అది తలుపు వెలుగు కాబట్టి ఇది సాధ్యం. అదే ముఖం మీద ఎదురు దిక్కు నుంచి గట్టి ఎండ పడి ఉంటే పని దాదాపు కుదరదు. అవ్వ ముఖంలో ప్రతి ముడతకూ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు ఉంటాయి. చెంప మొత్తాన్ని వెలిగించినా ఆ సన్నటి గీతలన్నీ పాత దిక్కునే చూపిస్తుంటాయి. బాగా ఎండపడి 255కు చేరి తెల్లగా పోయిన నుదురులో చర్మం వివరమే మిగలదు, ఎంత బర్న్ చేసినా అక్కడ బూడిద మచ్చే వస్తుంది. నీడ వేయడం తేలిక, ఉన్న నీడను తీయడం కష్టం. ముఖం ఎంచుకునేటప్పుడే మెత్తటి వెలుగులో ఉన్నది తీసుకోవాలనేది అందుకే.

ముఖం సమంగా అయ్యాక, Curvesతో దాన్ని పక్కనున్న కోడలి ముఖంలో ఎండ పడిన భాగమంత వెలుగుకు తేవాలి. ఆ తర్వాత నీడ లేయర్. దీన్ని Multiply మోడ్‌లో పెడతారు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, నల్ల రంగుతో నీడ వేసేస్తారు. ఆరుబయట నీడలోకి ఎండ రాకపోయినా నీలాకాశం వెలుగు వస్తుంది, కాబట్టి నీడలో నీలం తక్కువగా తగ్గుతుంది. ఎంతో లెక్క తేల్చవచ్చు. కోడలి చెంప మీద ఎండలో రంగు 200, 150, 120 అని, అదే చెంప నీడలో 95, 68, 62 అని వచ్చిందనుకుందాం. నీడ అంకెను ఎండ అంకెతో భాగించి 255తో గుణిస్తే నీడ లేయర్‌కు కావలసిన రంగు వస్తుంది:

```
95/200 × 255 ≈ 121
68/150 × 255 ≈ 116
62/120 × 255 ≈ 132
```

కాస్త నీలి ఛాయ ఉన్న బూడిద రంగు ఇది. ఒకే చర్మం మీది రెండు చోట్ల నుంచి లెక్క తీశాం కాబట్టి, కోడలి రంగు వేరు, అవ్వ రంగు వేరు అయినా ఇబ్బంది లేదు. గడ్డం కింద మాత్రం నేలనూ చూడాలి. నల్లరేగడి మీద నిలబడితే కింది నుంచి తిరిగొచ్చే వెలుగు తక్కువ, మెడ నీడ చిక్కగా ఉంటుంది. సున్నం కొట్టిన గోడో సిమెంటు వాకిలో పక్కనుంటే అదే నీడ పలచబడుతుంది.

రంగు కుదిరినా నీడ అంచు కుదరకపోతే ముఖం అతికించినట్టే కనిపిస్తుంది. సూర్యుడు మనకు అర డిగ్రీ వెడల్పుతో కనిపిస్తాడు, అందువల్ల నీడ అంచులోని మసక, నీడ వేసే వస్తువుకూ నీడ పడే చోటుకూ మధ్య దూరంలో సుమారు 108వ వంతు ఉంటుంది. గడ్డానికి, మెడ మీద నీడ అంచుకు మధ్య 7 సెంటీమీటర్లుంటే మసక 0.65 మిల్లీమీటర్లే. 20 సెంటీమీటర్ల ముఖం ఫొటోలో 400 పిక్సెళ్లుంటే అది పిక్సెల్‌న్నరకు మించదు. కాబట్టి Gaussian Blur ఒకటి రెండు పిక్సెళ్లు చాలు. మూడు మీటర్ల దూరంలో ఉన్న షామియానా అంచు నీడకైతే మసక దాదాపు మూడు సెంటీమీటర్లు వస్తుంది. రెండు నీడలకూ ఒకే బ్లర్ పెడితే ఒకటి తప్పక తప్పుతుంది. అందుకే ముక్కు నీడకొకటి, గడ్డం నీడకొకటి, కొంగు నీడకొకటి విడివిడిగా లేయర్లు ఉంచుకోవాలి.

ఇక ఎండ దిక్కుకు దూరంగా తిరిగిన ఎడమ చెంపను బర్న్‌తో క్రమంగా తగ్గించాలి. ఏ తలం ఎండకు ఎంత ఏటవాలుగా ఉంటే అంత మసకగా కనిపిస్తుంది. Overlayలో బర్న్ చేస్తే చర్మం కాస్త నారింజ రంగుకు తిరుగుతుంది, దాన్ని చూసుకుంటూ ఉండాలి. చివరికి కళ్లు. తలుపు వెలుగు కనుపాపలో ఎడమన నిలువు తెల్లచారగా మెరుస్తుంటుంది. దాన్ని తుడిచి, గడియారంలో ఒంటిగంట, రెండు మధ్య ఉండే చోట చిన్న చుక్క పెట్టాలి, రెండు కళ్లలోనూ ఒకే చోట. అమెరికాలో మైకా జాన్సన్, హనీ ఫరీద్ అనే పరిశోధకులు 2005లో ముఖం అంచుల్లోని వెలుగు మార్పుతో, 2007లో కళ్లలోని ఈ మెరుపులతోనే అతుకు ఫొటోలను పట్టే పద్ధతులు చూపారు.

పని అయ్యాక పైన ఒక నలుపు తెలుపు సర్దుబాటు లేయర్ పెట్టి, ఫొటోను బొటనవేలి గోరంత చేసి చూడండి. రంగు పోయాక దిక్కు తప్పిన వెలుగు ఇట్టే కనిపిస్తుంది. ఇది ఇంట్లో గోడకు తగిలించుకునే ఫొటోకే గానీ గుర్తింపు కార్డుకో సాక్ష్యానికో పనికిరాదని ఇంటివాళ్లకు చెప్పి, అసలు ఫైల్‌నూ వాళ్లకే ఇవ్వండి. గ్రూప్ ఫొటో తీసేవారికి ఒక మాట. అందరినీ అక్కడే నిలబెట్టి వరసగా అయిదారు ఫొటోలు తీయండి. అదే ఎండలో తీసిన ముఖానికి పైన చెప్పిన పనుల్లో చాలావాటి అవసరమే రాదు.