సెగగడ్డ, హైడ్రాడినైటిస్: ఒకే పేరు చాటున రెండు వ్యాధులు

ఉపోద్ఘాతం

చంకలోనో గజ్జల్లోనో నొప్పితో గడ్డ లేస్తే తెలుగువారు దానిని సాధారణంగా సెగగడ్డ అంటారు. సెగ అంటే వేడి. ఒంట్లో వేడి చేసి గడ్డ లేచిందన్న భావన ఆ మాటలోనే ఇమిడి ఉంది. వేడి తగ్గితే గడ్డ తగ్గుతుంది, తిరిగి వస్తే మళ్ళీ వేడి చేసిందనుకుంటారు. ఈ విధంగా ఆ పేరు ప్రతి గడ్డనూ ఒక కొత్త సంఘటనగా చూపుతుంది. హైడ్రాడినైటిస్ సప్పురటైవా అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి విషయంలో ఈ చూపు రోగికి నష్టం కలిగిస్తుంది. ఆ వ్యాధిని పట్టి ఇచ్చేది ఏ ఒక్క గడ్డా కాదు, గడ్డలు తిరిగి వచ్చే తీరు.

రెండింటి పుట్టుక

సెగగడ్డ సూక్ష్మజీవి వల్ల వచ్చేది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా వెంట్రుక కుదురులో చేరి చీము పట్టిస్తుంది. గడ్డ కొద్ది రోజుల్లో పండి, నెత్తిన మొన తేలి, పగిలి, చీము పోయాక మానుతుంది. ఇది మెడ, వీపు, పిరుదులు, తొడలు మొదలైన వెంట్రుకలున్న ఏ చోటనైనా రావచ్చు.

హైడ్రాడినైటిస్ కూడా వెంట్రుక కుదురులోనే మొదలవుతుంది కాని దాని మూలం అంటురోగం కాదు. ఒరిపిడి ఎక్కువగా ఉండే మడతల్లో కుదురు నోరు పూడుకుపోతుంది. లోపలి పదార్థం పేరుకొని కుదురు చర్మం అడుగునే పగులుతుంది. దానిపై శరీర రక్షణవ్యవస్థ అతిగా స్పందించడం వల్ల లోతైన గడ్డ ఏర్పడుతుంది. దానికి తరచు మొన తేలదు. వాపు మళ్ళీ మళ్ళీ రావడంతో గడ్డకూ గడ్డకూ మధ్య చర్మం కింద సొరంగాలు ఏర్పడి, వాటి నుండి దుర్వాసనతో రసి కారుతుంది. 1854లో ఫ్రెంచి వైద్యుడు వెర్నోయ్ దీనిని స్వేదగ్రంథుల వ్యాధిగా భావించి పేరు పెట్టాడు. మూలం వెంట్రుక కుదురేనని తరువాత తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది. వేడి అన్న తెలుగు మాట వలెనే చెమట అన్న ఈ శాస్త్రీయ నామం కూడా కారణాన్ని పొరపాటుగా సూచిస్తున్నది.

ఒక ఊహాత్మక ఉదాహరణ

రఘునాథపల్లి మండలంలో పత్తి ఏరే పనికి వెళ్ళే ఇరవై ఆరేళ్ళ స్త్రీని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆమెకు పందొమ్మిదో ఏట కుడి చంకలో గడ్డ లేచింది. ఊరి ఆర్‌.ఎం.పి. ఐదు రోజుల మాత్రలిచ్చాడు, తగ్గింది. మూడు నెలలకు అదే చంకలో మరొకటి వచ్చింది. దానిని కోసి చీము తీశారు, నొప్పి ఆ పూటే తగ్గింది. మరుసటి ఏడు గజ్జల్లో మొదలైంది. చెయ్యి పైకెత్తితే చంకలో తాడులాంటి మచ్చ లాగుతున్నది. రసి మరకలకు జంకి ఆమె పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానుకున్నది. ఏడేళ్ళలో ఆమెను చూసిన ప్రతి ఒక్కరూ ఆనాటి గడ్డకే వైద్యం చేశారు. మొదటిది ఎప్పుడు, ఎక్కడ వచ్చిందని అడిగినవారు లేరు.

గుర్తించే విధానం

ఈ వ్యాధిని నిర్ధారించే ప్రత్యేకమైన రక్తపరీక్ష లేదు. వైద్యులు మూడు లక్షణాలను కలిపి చూస్తారు. మొదటిది, లోతైన నొప్పిగడ్డలు, సొరంగాలు, తాడులాంటి మచ్చలు, జంట నల్లమొనలు వంటి గుర్తులు. రెండవది, చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడత, పిరుదుల నడిమి భాగం వంటి స్థానాలు. మూడవది పునరావృతి, అంటే ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు రావడం. పై ఉదాహరణలో ఈ మూడూ రెండో గడ్డ నాటికే చాలావరకు కనిపిస్తున్నాయి.

తిరిగి వచ్చే ప్రతి గడ్డా ఇదే కాదు. మధుమేహం ఉన్నవారిలోనూ, ముక్కులో స్టెఫైలోకాకస్ నిలిచి ఉన్నవారిలోనూ సెగగడ్డలు మళ్ళీ మళ్ళీ రావచ్చు. అయితే అవి ఒంటిపై చోటు మార్చుకుంటూ వస్తాయి, సొరంగాలు కట్టవు. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టడం మరొకటి. అది లింఫు గ్రంథి వాపు, పుండు మానితే తగ్గుతుంది. మానని రంధ్రం నుండి రసి కారుతుంటే క్షయ కాదని తేల్చుకోవాలి.

చికిత్స, దాని పరిమితి

కోసి చీము తీస్తే సెగగడ్డ సాధారణంగా మానిపోతుంది. హైడ్రాడినైటిస్‌లో అది తాత్కాలిక ఉపశమనమే, ఎందుకంటే సొరంగం లోపలి పొర అలాగే ఉండిపోతుంది. సొరంగం పైకప్పును పూర్తిగా తొలగించి అడుగు నుండి మాననివ్వడం దానికి తగిన శస్త్రచికిత్స. తొలిదశలో క్లిండామైసిన్ పూత, డాక్సీసైక్లిన్ వంటి మందులను వారాల తరబడి వాడుతారు. ఇక్కడ ఆ మందులు క్రిములను చంపడానికే కాక వాపును అణచడానికీ ఉపయోగపడతాయి. కొన్నిసార్లు క్లిండామైసిన్‌తో పాటు రిఫాంపిసిన్ ఇస్తారు. అది క్షయ మందు కూడా కావడం వల్ల ముందుగా క్షయ లేదని నిర్ధారించుకోవడం మన దేశంలో మరింత అవసరం. తీవ్రమైన దశలో అడాలిముమాబ్ సూదిమందు ఉన్నది కాని ధర ఎక్కువ. పొగ మానడం, బరువు తగ్గడం కొందరికి మేలు చేస్తాయి. ఏ చికిత్సా వ్యాధిని శాశ్వతంగా తొలగిస్తుందని చెప్పలేము. ఏర్పడిన మచ్చలూ సొరంగాలూ మందులతో పూర్తిగా పోవు కనుక అవి ఏర్పడకముందే గుర్తించడం కీలకం.

ముగింపు

హైడ్రాడినైటిస్ అంటువ్యాధి కాదు, లైంగికవ్యాధి కాదు, అపరిశుభ్రత వల్ల వచ్చేది కాదు. గడ్డలు లేచే చోటు మరుగైనది కావడంతో రోగి చెప్పుకోడు, సెగగడ్డ అన్న పేరు ఉండటంతో ఇతరులూ అడగరు. గడ్డ లేచిన ప్రతిసారీ తేదీనీ చోటునూ రాసిపెట్టుకొని, ఆ కాగితాన్ని చర్మవైద్యునికి చూపితే విడివిడి గడ్డలుగా కనిపించినవి ఒకే వ్యాధిగా బయటపడతాయి.