రోటర్ మీద పేరు చూసి నమ్మేయకండి: ఆటోమేటిక్ వాచ్ లోపలి మూవ్‌మెంట్ అసలుదో కాదో ఫొటోలతో చెక్ చేయడం ఎలా?

పోయిన నెల మా టీమ్‌లో ఒకతను సెకండ్ హ్యాండ్ సీకో 5 లింక్ పంపి "బ్రో, ఇది తీసుకోవచ్చా?" అని అడిగాడు. మోడల్ SNK809. నల్ల డయల్, వెనక గాజు మూత, ధర 6 వేలు. అమ్మే అతను వెనక వైపు ఫొటో కూడా పెట్టాడు. అందులో రోటర్ మీద సీకో పేరు, 7S26 అనే మూవ్‌మెంట్ నంబర్, 21 జ్యూయెల్స్ అనే మాట నీట్‌గా కనిపిస్తున్నాయి. "పేరు రాసుంది కదా, ఇంకేం కావాలి?" అన్నాడు మావాడు.

నిజానికి ఆ ఫొటో ఏమీ రుజువు చేయదు. ఎందుకో చూద్దాం.

రోటర్ అంటే ఒక బరువు, అంతే

ఆటోమేటిక్ వాచ్‌కి బ్యాటరీ ఉండదు. మన చెయ్యి కదిలినప్పుడల్లా వెనకున్న అర్ధచంద్రాకారపు లోహపు ముక్క ఊగుతుంది. అదే రోటర్. ఆ ఊపు చిన్న చక్రాల ద్వారా మెయిన్‌స్ప్రింగ్‌ని చుడుతుంది. స్ప్రింగ్ విప్పుకుంటూ వాచ్‌ని నడిపిస్తుంది.

7S26లో ఈ రోటర్ మధ్యలో ఉన్న ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. మూత తీసి, ఆ స్క్రూ విప్పితే రోటర్ బయటికి వచ్చేస్తుంది. అంటే మొత్తం మూవ్‌మెంట్‌లో మార్చడానికి అతి సులువైన పార్ట్ ఇదే. దాని మీద అక్షరాలు వేయడం కూడా పెద్ద పని కాదు. పైగా రోటర్ మూవ్‌మెంట్‌లో దాదాపు సగాన్ని కప్పేస్తుంది. మోసం చేయాలనుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? చూపించాలనుకున్నది పైన ఉంటుంది, దాచాలనుకున్నది కింద ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే రోటర్ మీద రాసింది ఫైల్ పేరు లాంటిది. లోపల ఏముందో తెలియాలంటే ఫైల్ ఓపెన్ చేయాల్సిందే.

అసలు గుర్తు రోటర్ కింద ఉంటుంది

సీకో ఆటోమేటిక్‌లకి ఒక ప్రత్యేకత ఉంది: మాజిక్ లివర్. 1959లో సీకో తెచ్చిన ఈ పద్ధతిని 7S26లో కూడా వాడారు. సన్నటి పళ్ళున్న ఒక చక్రం, దానికి రెండు వైపులా ఆనుకుని ఉండే రెండు సన్నటి చేతులు. చూడ్డానికి పట్టకారు చక్రాన్ని పట్టుకున్నట్టు ఉంటుంది. రోటర్ తిరిగినప్పుడు ఒక చెయ్యి చక్రాన్ని లాగుతుంది, ఇంకొకటి నెడుతుంది. అందుకే రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగ్ చుట్టుకుంటూనే ఉంటుంది.

రోటర్ పక్కకి జరిగితే గాజు మూతలోంచే ఈ చక్రం, చేతులు కనిపిస్తాయి. వీటిని ప్రింట్ చేయలేరు, అతికించలేరు. ఎందుకంటే ఇవి మూవ్‌మెంట్ డిజైన్‌లోనే భాగం.

నకిలీలలో ఎక్కువగా కనిపించే చవక చైనా మూవ్‌మెంట్లలో కొన్ని మియోటా 82 సిరీస్ డిజైన్‌ని కాపీ కొట్టినవి. ఆ డిజైన్‌లో మాజిక్ లివర్ ఉండదు. రోటర్ ఒక దిశలో తిరిగినప్పుడే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. రెండో దిశలో రోటర్ ఊరికే గిర్రున తిరుగుతుంది.

ఏ ఫొటోలు అడగాలి?

ఒక్క ఫొటో చాలదు. కనీసం ఇవి అడగండి:

1. రోటర్ 12 గంటల వైపు ఉన్నప్పుడు ఒకటి, 6 గంటల వైపు ఉన్నప్పుడు ఒకటి. వాచ్‌ని నిలబెట్టి పట్టుకుంటే రోటర్ దానంతట అదే కిందికి దిగుతుంది. తలకిందులుగా పట్టుకుంటే రెండో సగం కనిపిస్తుంది. ఈ రెండూ కలిపితే మొత్తం మూవ్‌మెంట్ చూసినట్టే.
2. మూత అంచున చెక్కిన అక్షరాల క్లోజప్. అక్కడి కేస్ కోడ్ 7S26తో మొదలవ్వాలి. మూవ్‌మెంట్ మీదా అదే నంబర్ ఉండాలి.
3. ఈ రోజు తేదీ రాసిన కాగితం పక్కన వాచ్ పెట్టి తీసిన ఫొటో. వేరే వాచ్ ఫొటోలు డౌన్‌లోడ్ చేసి పెట్టే వాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. మూత మీది గీతలు మిగతా ఫొటోలతో మ్యాచ్ అవుతున్నాయో లేదో కూడా చూడండి.

గాజు మెరుపు వల్ల ఏమీ కనిపించకపోతే, ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కన వాచ్‌ని కాస్త వంచి తీయమనండి. ఫోన్‌ని మరీ దగ్గర పెడితే ఫోకస్ పోతుంది. కాస్త దూరం జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీస్తే పళ్ళు కూడా లెక్కపెట్టేంత క్లియర్‌గా వస్తుంది.

మా వాడి వాచ్ సంగతి

ఫొటోల కన్నా ముందు నాకు అనుమానం వచ్చింది లిస్టింగ్‌లో రాసిన ఒక లైన్ దగ్గర: "చేత్తో కూడా వైండ్ చేయొచ్చు." 7S26లో ఆ సదుపాయమే లేదు. క్రౌన్ తిప్పితే స్ప్రింగ్ చుట్టుకోదు. వాచ్‌ని ఊపాల్సిందే. అంటే రోటర్ మీది నంబర్‌కీ వాచ్ పనితీరుకీ పొంతన లేదు.

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఎవరో 7S26 తీసేసి NH36 పెట్టి, పాత రోటర్ బిగించి ఉండొచ్చు. NH36 కూడా సీకో గ్రూప్ తయారీయే. 24 జ్యూయెల్స్‌తో, చేత్తో వైండ్ చేసుకునే వీలుతో వస్తుంది. వాచ్ మాడింగ్ చేసేవాళ్ళు ఇలా మార్చడం మామూలే. రెండోది, అది చైనా మూవ్‌మెంట్ అయి ఉండొచ్చు. తేడా తెలిసేది మాజిక్ లివర్ దగ్గరే. NH36లో అది ఉంటుంది.

రెండు సగాల ఫొటోలు, వాచ్‌ని ఇటూ అటూ తిప్పే 10 సెకన్ల వీడియో అడిగించాను. ఫొటోల్లో పళ్ళ చక్రాన్ని పట్టుకున్న చేతులు ఎక్కడా లేవు. వీడియోలో రోటర్ ఒక వైపు మెల్లగా కదిలి, రెండో వైపు బొంగరంలా తిరిగింది. లోపలున్నది 7S26 కాదు, NH36 కూడా కాదు. అదే విషయం అడిగితే అమ్మే అతను "సర్వీస్‌లో మార్చారేమో సార్" అన్నాడు. మావాడి 6 వేలు మిగిలాయి.

ఫొటోలు చెప్పలేనివి

సెకన్ల ముల్లు స్మూత్‌గా జారుతోంది కాబట్టి అసలుదే అనుకోవద్దు. 7S26 సెకనుకి 6 సార్లు కొట్టుకుంటుంది. మియోటా 82 కాపీలు కూడా అంతే. 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో రెండిట్లోనూ ఒక్కో అడుగుకి 40 ఫ్రేములే వస్తాయి. ఈ టెస్ట్‌తో క్వార్ట్జ్‌ని పట్టుకోవచ్చు గానీ నకిలీ ఆటోమేటిక్‌ని పట్టుకోలేం.

మూవ్‌మెంట్ అసలుది అయినంత మాత్రాన వాచ్ మొత్తం అసలుది అవ్వదు. మన దగ్గర అమ్మే రీఫర్బిష్డ్ పాత సీకో 5లలో చాలా వాటికి లోపల అసలు మూవ్‌మెంటే ఉంటుంది. డయల్ మాత్రం కొత్తగా పెయింట్ చేసింది. అది డయల్ ఫొటోలో వెతకాల్సిన విషయం. అలాగే లోపల ఆయిల్ ఎండిపోయిందా, టైమ్ సరిగ్గా చూపిస్తుందా అనేది ఏ ఫొటో చెప్పదు.

వెనక గాజు మూత కాకుండా స్టీల్ మూత ఉంటే, మూత తీసి ఫొటో పంపమని అడగండి. కుదరదంటే, మీ ఊళ్ళో నమ్మకమైన వాచ్ రిపేర్ షాప్‌లో కలిసి, మీ ముందే మూత తీయించాకే డబ్బు ఇవ్వండి. రోటర్ పక్కకి జరిపి కిందకి చూడటం మాత్రం మర్చిపోవద్దు.