సగం పోతే రెట్టింపు రావాలి

సత్యం షేరు కుప్పకూలిన రోజు నేర్పిన లెక్క: ఏ షేరు కొనాలో తేల్చుకునే ముందే, ఎన్ని కొనాలో తేల్చుకోవాలి

రఘునాథపల్లిలో ఒక రైతు కుటుంబం పత్తి అమ్మగా, అప్పులు కట్టగా మిగిలిన రెండు లక్షలను షేర్లలో పెట్టిందనుకుందాం. మొదటి ఏడాది 50 శాతం లాభం వచ్చింది, రెండో ఏడాది 50 శాతం నష్టం వచ్చింది. సగటు తీస్తే సున్నా కాబట్టి పెట్టిన డబ్బు ఉన్నచోటే ఉందని చాలామంది అనుకుంటారు. కానీ రెండు లక్షలు మొదట మూడు లక్షలైంది. తర్వాత ఆ మూడులో సగం పోయి లక్షన్నర మిగిలింది. అంటే యాభై వేలు గల్లంతు. ముందు నష్టం, తర్వాత లాభం వచ్చినా మిగిలేది అదే లక్షన్నర.

కారణం చిన్నదే. నష్టాన్ని పెద్ద మొత్తం మీద లెక్కిస్తాం, లాభాన్ని మిగిలిన చిన్న మొత్తం మీద సంపాదించాలి. రెండు లక్షల్లో సగం పోతే లక్ష మిగులుతుంది. పోయిన లక్షను ఆ లక్షే సంపాదించాలి, అంటే నూటికి నూరు శాతం. గరిష్ఠ స్థాయి నుంచి మన సొమ్ము ఇలా ఎంత దిగజారిందో చెప్పే కొలతనే మార్కెట్‌లో డ్రాడౌన్ అంటారు.

పోయిందెంత? రావాల్సిందెంత?

10 శాతం పోతే 11 శాతం
20 శాతం పోతే 25 శాతం
30 శాతం పోతే 43 శాతం
50 శాతం పోతే 100 శాతం
80 శాతం పోతే 400 శాతం

పోయిన శాతాన్ని మిగిలిన శాతంతో భాగిస్తే ఈ అంకెలు వస్తాయి. 20 శాతం దాకా లెక్క మెల్లగానే పెరుగుతుంది. 50 దాటాక మాత్రం అదుపు తప్పుతుంది. కాబట్టి నష్టం రాకుండా చూడటం ఎవరివల్లా కాకపోయినా, వచ్చిన నష్టాన్ని పై వరుసల్లోనే ఆపడం మన పని.

2009 జనవరి 7

ఈ లెక్కను తెలుగువాళ్లు అందరికంటే దగ్గరగా చూశారు. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్స్ ఆనాడు సెన్సెక్స్, నిఫ్టీ రెండింటిలోనూ ఉన్న కంపెనీ. ఆ బుధవారం ఛైర్మన్ బైర్రాజు రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఏళ్ల తరబడి లెక్కలు పెంచి చూపామని, ఖాతాల్లో ఉందన్న నగదులో ఐదు వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని అందులో ఒప్పుకున్నారు. అంతకుముందు రోజు దాదాపు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు పడింది. మర్నాడు సెలవు. 9వ తేదీన 24 రూపాయల కిందికి జారింది.

ఒక్క రోజులో అంత ఎలా పడనిచ్చారన్నది సహజమైన ప్రశ్న. మామూలు షేరు ఒక పరిమితి దాకా పడితే సర్క్యూట్ తగిలి ఆగుతుంది. ఫ్యూచర్స్, ఆప్షన్లు నడిచే షేర్లకు అలాంటి స్థిరమైన పరిమితి ఉండదు. సత్యం ఆ జాబితాలోనే ఉంది. పెద్ద కంపెనీ, రోజూ లక్షల షేర్లు చేతులు మారతాయి, ఎప్పుడంటే అప్పుడు అమ్ముకోవచ్చు అన్న నమ్మకం పనికిరాని రోజది.

మన రెండు లక్షల కుటుంబం మొత్తం డబ్బును 179 దగ్గర సత్యంలోనే పెట్టి ఉంటే 1,117 షేర్లు వచ్చేవి. సాయంత్రానికి మిగిలేది 44,680 రూపాయలు. మళ్లీ రెండు లక్షలు కావాలంటే 348 శాతం లాభం రావాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం నియమించిన బోర్డు నిర్వహించిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి కంపెనీని చేజిక్కించుకుంది. ఆ ధరకైనా మూడింట రెండు వంతుల సొమ్ము పోయినట్టే. 2013లో విలీనమైనప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. 179కి కొన్నవారు అసలు రాబట్టుకోవాలంటే ఒక్కో టెక్ మహీంద్రా షేరు 1,521 రూపాయలు పలకాలి. విలీనం నాటి ధర అంతకు చాలా తక్కువే. నాలుగేళ్లు దాటినా గొయ్యి పూడలేదు.

స్టాప్‌లాస్ కాపాడుతుందా?

అనుభవమున్న ట్రేడరు అంతా ఒకేచోట పెట్టడు. ‘ఒక్క ట్రేడులో నా మొత్తంలో ఒక శాతానికి మించి పోకూడదు’ అని గీత గీసుకుంటాడు. రెండు లక్షలకు అది రెండు వేలు. 179కి కొని, 160కి పడితే అమ్మేయాలని స్టాప్‌లాస్ పెట్టాడనుకోండి. షేరుకు నష్టం 19 రూపాయలు. రెండు వేలను 19తో భాగిస్తే 105 షేర్లు. పెట్టుబడి 18,795 రూపాయలు, మొత్తంలో పదో వంతు కూడా లేదు.

జనవరి 7న ఆ స్టాప్‌లాస్ 160 దగ్గర పనిచేస్తుందన్న హామీ లేదు. స్టాప్‌లాస్ అంటే ఆ ధరకు అమ్మిపెడతామన్న మాట కాదు, ఆ ధర తాకినప్పుడు అమ్మకపు ఆర్డరు వెళ్తుందని మాత్రమే. కొనేవాడు లేకపోతే ధర మెట్లు దిగదు, దూకుతుంది. అతడు చివరికి 40కి బయటపడ్డాడనుకున్నా నష్టం 14,595 రూపాయలు. ఒక శాతం అనుకున్నది ఏడు దాటింది. అయినా 1,85,405 రూపాయలు చేతిలో ఉన్నాయి.

ఇంకొకరు తెలివిగా స్టాప్‌లాస్‌ను దగ్గరగా, 175కి పెట్టారనుకుందాం. షేరుకు నష్టం 4 రూపాయలే కాబట్టి అదే రెండు వేలకు 500 షేర్లు కొనొచ్చు. కాగితం మీద ఇద్దరి రిస్కూ సమానం. కానీ రెండో వ్యక్తి 89,500 రూపాయలు ఒకే షేరులో పెట్టాడు. 40కి బయటపడితే 69,500 పోతుంది. అంటే 35 శాతం నష్టం, తిరిగి రావాల్సింది 53 శాతం. స్టాప్‌లాస్ దగ్గరయ్యేకొద్దీ షేర్ల సంఖ్య పెరుగుతుంది, ధర దూకితే దెబ్బా పెరుగుతుంది. అందుకే రెండు గీతలు కావాలి: ట్రేడుకు ఇంతకు మించి పోకూడదన్నది ఒకటి, స్టాప్‌లాస్ ఎంత దగ్గరున్నా ఒక్క షేరులో మొత్తంలో పదో వంతుకు మించి పెట్టకూడదన్నది రెండోది. ఆ పదో వంతు పూర్తిగా సున్నా అయినా తిరిగి రావాల్సింది 11 శాతమే.

లెక్కకు అందని చోటు

ఈ లెక్కలన్నీ సొంత డబ్బుతో కొన్నవారివి. ఫ్యూచర్స్‌లో ఐదో వంతు మార్జిన్ కడితే చాలనుకోండి, రెండు లక్షలతో పది లక్షల రూపాయల విలువైన షేర్లు పట్టుకోవచ్చు. 179 నుంచి 40 అంటే దాదాపు ఏడు లక్షల డెబ్బై ఆరు వేల నష్టం. కట్టిన రెండు లక్షలూ పోగా ఇంకో ఐదు లక్షల డెబ్బై ఆరు వేలు బాకీ. ఎన్ని శాతాలు రావాలన్న ప్రశ్నకే ఇక్కడ అర్థం లేదు, మిగిలిందే ఏమీ లేదు కాబట్టి. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీ లెక్కతేల్చింది.

ఒక్క పెద్ద దెబ్బే కాదు, వరుస చిన్న దెబ్బలూ లోతైన గొయ్యిలోకే తీసుకెళ్తాయి. ప్రతిసారీ ఉన్నదాంట్లో 10 శాతం పోగొట్టుకునేవాడు వరుసగా పదిసార్లు ఓడితే 65 శాతం పోతుంది, కోలుకోవడానికి 187 శాతం కావాలి. 2 శాతమే పణం పెట్టేవాడికి అవే పది ఓటములతో పోయేది 18 శాతం, రావాల్సింది 22 శాతం. ఇద్దరి అంచనాలూ పదిసార్లూ తప్పాయి. తేడా పెట్టిన మొత్తంలోనే ఉంది.

నష్టం వచ్చాక చాలామంది చేసే పని, పోయింది ఒక్కసారిగా రాబట్టాలని తర్వాతి ట్రేడును రెట్టింపు చేయడం. శాతం లెక్క దీనికి ఎదురు నడుస్తుంది. 1,85,405 రూపాయలు మిగిలినవాడి తర్వాతి రిస్కు రెండు వేలు కాదు, 1,854. మొత్తం తగ్గితే పందెం దానంతటదే తగ్గుతుంది. అతడికి కావాల్సింది 8 శాతం లోపు లాభం, రెండేళ్ల బ్యాంకు డిపాజిట్ వడ్డీతోనైనా పూడే గొయ్యి అది. మొత్తం సత్యంలోనే పెట్టినవారికి కావాల్సిన 348 శాతాన్ని ఏ బ్యాంకూ ఇవ్వదు, ఇస్తానన్న సలహాదారును నమ్మకూడదు.