ఏలూరు 75 శాతం పెరిగిందా?

సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, బిస్కెట్లు కంపెనీల దగ్గర తెచ్చి కిరాణా షాపులకు వేసే డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో సోమవారం పొద్దున్నే బ్రాంచి మేనేజర్లకు ఒక ఈమెయిలు వెళ్తుంది. పోయిన వారం ఏ బ్రాంచి ఎంత అమ్మింది, అంతకు ముందు వారం కన్నా ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదే అందులో ఉంటుంది. రాసేది లెక్కలు చూసే అనలిస్టు. చదివేది కాసేపట్లో సేల్స్‌మన్లను లైన్ల మీదకు పంపాల్సిన మేనేజరు. ఆయన ఫోన్‌లోనే చూస్తాడు, చాలాసార్లు శాతం ఒక్కటే చూస్తాడు. ఆ శాతాన్ని బట్టే ఒక బ్రాంచికి మెప్పు, ఇంకో బ్రాంచికి చీవాట్లు దక్కుతాయి.

ఒక వారాన్ని దాని ముందు వారంతో పోల్చడంలో పెద్ద చిక్కు ఉంది. రెండు అంకెల మధ్య తేడా ఎంతో లెక్క చెబుతుంది. అది బ్రాంచి చేసిన పనా, క్యాలెండరు చేసిన పనా అన్నది మాత్రం చెప్పదు. ఈ రెంటినీ విడదీసి చూపించడమే ఆ ఈమెయిలు చేయాల్సిన అసలు పని. అది ఎలా చేస్తారో చూడడానికి 2025 సెప్టెంబరు కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పన్ను మారిన వారం

ఆ నెల 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్ల మార్పు ప్రకటించింది. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే అమలు మాత్రం 22వ తేదీ, సోమవారం నుంచి. మధ్యలో దాదాపు మూడు వారాలు మిగిలాయి.

చిన్న కిరాణా షాపు యజమాని వైపు నుంచి ఆలోచించండి. పన్ను కాక 100 రూపాయలున్న సరుకుకు 20వ తేదీన కొంటే 118 ఇవ్వాలి, 22న కొంటే 105 చాలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని షాపుకు కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి ఆ 13 రూపాయలూ సొంత జేబులోంచి పోయినట్టే. అందుకే సేల్స్‌మన్ వచ్చి అడిగితే "ఇరవై రెండు తర్వాత చూద్దాంలే" అనడమే అతనికి తెలివైన పని. అరలు ఖాళీ అవుతున్నా ఆగుతాడు. 22 రాగానే నింపుకుంటాడు.

ఇప్పుడు ఐదు బ్రాంచీలున్న ఒక డిస్ట్రిబ్యూటరును ఊహించుకుందాం. తేదీలూ పన్ను రేట్లూ నిజమే, అమ్మకాల అంకెలు మాత్రం వివరణ కోసం నేను వేసుకున్నవి. ఏలూరు బ్రాంచి మామూలుగా వారానికి 20 లక్షలు అమ్ముతుంది. సెప్టెంబరు 8తో మొదలైన వారం అది 15 లక్షలకు దిగింది, తర్వాతి వారం 12 లక్షలకు. పన్ను మారిన వారం 21 లక్షలకు ఎగిసింది. 12 నుంచి 21కి అంటే 75 శాతం పెరుగుదల. తెనాలి మామూలుగా 10 లక్షల బ్రాంచి. అవే మూడు వారాల్లో అది 9, 9, 11 లక్షలు అమ్మింది. చివరి వారం పెరుగుదల 22 శాతం.

శాతాలు మాత్రమే పంపితే ఏలూరు మొదటి వరసలో నిలుస్తుంది, తెనాలి వెనకబడినట్టు కనిపిస్తుంది. మూడు వారాలనూ కలిపి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. ఏలూరు 60 లక్షలు అమ్మాల్సిన చోట 48 అమ్మింది, 12 లక్షలు ఇంకా లోటు. తెనాలి 30కి 29 చేసింది. ఏలూరు 75 శాతంలో ఎక్కువ భాగం ముందు పడిపోయిన గోతిలోంచి పైకి రావడమే. మామూలు వారంతో పోలిస్తే అది పెరిగింది 5 శాతం.

అందుకే పోల్చే వారం తనంత తానే మామూలుగా లేనప్పుడు ముందు వారంతో వచ్చే శాతం పక్కన ఇంకో అంకె తప్పక ఉండాలి. కలతలు లేని నాలుగు వారాల సగటుతో తేడా ఎంత అన్నదే ఆ అంకె. ఇక్కడ ఆ నాలుగు వారాలనూ సెప్టెంబరు 3కి ముందు నుంచే తీసుకోవాలి. సెప్టెంబరు వారాలు కలిస్తే సగటు తగ్గిపోయి, మళ్లీ లేని పెరుగుదల కనిపిస్తుంది.

ఎన్ని రోజులు, ఏ లైన్లు

ఆ తర్వాతి వారమే ఇంకో రకం చిక్కు వచ్చింది. అక్టోబరు 2, గురువారం విజయదశమి. ముందు రోజు మహర్నవమి. మన గుంటూరు బ్రాంచిలో ఆ రెండు రోజులూ బండ్లు కదల్లేదనుకుందాం. ఆరు రోజుల వారంలో 30 లక్షలు అమ్మిన బ్రాంచి, నాలుగు రోజుల్లో 22 లక్షలు అమ్మింది. శాతం చూస్తే 27 తగ్గింది. రోజుకు లెక్కేస్తే 5 లక్షల నుంచి 5.5 లక్షలకు, అంటే 10 శాతం పెరిగింది.

రోజు సగటు ఉపయోగపడే మందే గానీ అన్ని చోట్లా పనిచేయదు. సేల్స్‌మన్ రోజుకో లైను చొప్పున తిరుగుతాడు. సోమవారం ఒక పేట, మంగళవారం ఇంకో పేట, గురువారం హోల్‌సేల్ బజారు. అన్ని లైన్లూ ఒకే బరువు కావు. సెలవు పడ్డది హోల్‌సేల్ బజారు రోజైతే, మిగిలిన నాలుగు రోజులూ బాగా పనిచేసినా సగటు తగ్గుతుంది. పడ్డది చిన్న షాపుల లైను రోజైతే, ఎవరూ కష్టపడకుండానే సగటు పెరుగుతుంది. కాబట్టి అనలిస్టు ఎన్ని రోజులు పోయాయో రాసి ఊరుకోకూడదు, ఏ లైన్లు పోయాయో రాయాలి. రెండు వారాల్లోనూ తిరిగిన లైన్లను మాత్రమే పక్కపక్కన పెట్టి పోలిస్తే గుంటూరు నిజంగా పెరిగిందో లేదో తేలుతుంది.

సున్నా శాతం వెనక

పెద్ద మార్పులే కళ్లకు కనబడతాయి. మార్పు లేని అంకెను ఎవరూ పట్టించుకోరు. మచిలీపట్నం బ్రాంచి రెండు మామూలు వారాల్లో వరసగా 8 లక్షలు, 8 లక్షలు అమ్మిందనుకోండి. తేడా సున్నా. ఇక్కడ అమ్మకాన్ని రెండు ముక్కలు చేయాలి: ఎన్ని బిల్లులు, బిల్లుకు సగటున ఎంత. మొదటి వారం 640 బిల్లులు, సగటు 1,250 రూపాయలు. రెండో వారం 500 బిల్లులు, సగటు 1,600. రెండు లెక్కలూ 8 లక్షలకే వస్తాయి.

బిల్లుల జాబితాను పెద్దవాటి నుంచి చిన్నవాటికి సర్దితే కారణం వెంటనే బయటపడుతుంది. రెండో వారంలో హోల్‌సేలర్లకు కొట్టిన రెండే బిల్లులు కలిపి 1,77,500 రూపాయలు. వాటిని తీసేస్తే మిగిలిన 498 బిల్లుల సగటు మళ్లీ అదే 1,250. అంటే షాపుల కొనుగోలు మారలేదు, షాపులే తగ్గాయి. ఒక సేల్స్‌మన్ మానేశాడు, అతని లైను మీదకు ఎవరూ వెళ్లలేదు. ఆ లోటును రెండు హోల్‌సేల్ బిల్లులు కప్పేశాయి. హోల్‌సేలరు ఆ సరుకు అమ్ముకునేదాకా మళ్లీ కొనడు. ఈలోగా మనం వెళ్లని షాపుల్లోకి వేరే కంపెనీ సబ్బు చేరిపోతుంది. ఐదు బ్రాంచీల్లో ఆ వారం అందరికన్నా ముందు ఫోన్ చేయాల్సింది ఈ సున్నా శాతం బ్రాంచికే.

ఇలాంటి పెద్ద బిల్లుల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. బిల్లు శనివారం సాయంత్రం పడి, సరుకు సోమవారం దించి, మంగళవారం సగం వెనక్కి వస్తే, ఆ అమ్మకం పోయిన వారం లెక్కలో, రిటర్న్ ఈ వారం లెక్కలో పడతాయి. ఒక వారం ఉబ్బుతుంది, తర్వాతి వారం చప్పబడుతుంది. నెలాఖరు వారంలో టార్గెట్ కోసం ఇది ఎక్కువగా జరుగుతుంది. అనుమానం వస్తే వారం చివరి పూట పడిన బిల్లుల మొత్తాన్ని, తర్వాతి వారం మొదటి మూడు రోజుల రిటర్న్‌లనూ పక్కపక్కన పెట్టి షాపు పేర్లు కలుస్తున్నాయేమో చూడాలి. రిటర్న్‌ను అది వచ్చిన వారంలో కాక, అసలు బిల్లు పడిన వారంలోనే తీసేస్తే రెండు వారాలూ సరిపడతాయి.

ఈమెయిలు ఎలా ఉండాలి

ఇంత పరిశీలన చేశాక దాన్నంతా మేనేజరు ముందు కుమ్మరించకూడదు. ఫోన్ తెరమీద వేలితో జరపకుండా కనిపించేంతే చాలు. సెప్టెంబరు 29, సోమవారం వెళ్లాల్సిన ఈమెయిలు ఇలా ఉంటే సరిపోతుంది:

> విషయం: సెప్టెంబరు 22–27 అమ్మకాలు – పెరుగుదలలో ఎక్కువ భాగం అరలు నింపుకోవడమే
>
> బ్రాంచి మేనేజర్లందరికీ నమస్కారం.
>
> పన్ను తగ్గాక షాపులు మళ్లీ కొంటున్నాయి. ముందు వారంతో వచ్చిన శాతాలను ఈసారి పెరుగుదలగా తీసుకోవద్దు. మామూలు వారం అంటే ఆగస్టు నాలుగు వారాల సగటు.
>
> ఏలూరు: 21 లక్షలు. ముందు వారం కన్నా 75 శాతం ఎక్కువ, మామూలు వారం కన్నా 5 శాతం ఎక్కువ. మూడు వారాల లోటు 12 లక్షలు.
>
> తెనాలి: 11 లక్షలు. ముందు వారం కన్నా 22 శాతం ఎక్కువ, మామూలు వారం కన్నా 10 శాతం ఎక్కువ. మూడు వారాల లోటు 1 లక్ష.
>
> ఏలూరు మేనేజరు గారూ, 8 నుంచి 20 దాకా కొనని షాపుల్లో ఇంకా కొననివి ఎన్ని ఉన్నాయి? జాబితా జత చేశాను. బుధవారంలోగా ఒక్క మాట రాస్తే చాలు.

మిగిలిన మూడు బ్రాంచీలకూ ఇలాగే ఒక్కో వరస. ఇందులో తెలిసిన సంగతి తెలిసినట్టు, తెలియనిది ప్రశ్నగా ఉన్నాయి. ఏలూరులో 12 లక్షల లోటు ఉందని అనలిస్టుకు తెలుసు. షాపులు ఇంకా పాత సరుకు అమ్ముకుంటున్నాయా, వేరే డిస్ట్రిబ్యూటరు దగ్గరికి వెళ్లిపోయాయా అన్నది ఆఫీసులో కూర్చుంటే తెలియదు, లైను మీద తిరిగేవాళ్లకే తెలుస్తుంది. అందుకే "ఎందుకు తగ్గింది" అని నిలదీయకుండా, జాబితా చేతికిచ్చి ఒక్క మాటలో జవాబు వచ్చే ప్రశ్న అడగాలి. నిలదీస్తే సంజాయిషీ వస్తుంది, జాబితా ఇస్తే షాపు పేర్లు వస్తాయి.

ప్రతి మార్పునూ ప్రస్తావించాల్సిన పనీ లేదు. తెనాలి మామూలు రోజుల్లోనూ 9 నుంచి 11 లక్షల మధ్య ఊగుతూ ఉంటే, ఆ హద్దుల్లో వచ్చే 10 శాతానికి కారణం వెతకడం వృథా. ఒక్కో బ్రాంచికి గత పది పన్నెండు వారాల ఊగిసలాట ఎంతో చూసుకుని, దాన్ని దాటినప్పుడే ప్రశ్న వేయాలి. చిన్న బ్రాంచికి ఆ హద్దు వెడల్పుగా ఉంటుంది, పెద్ద బ్రాంచికి ఇరుగ్గా ఉంటుంది.

మేనేజర్లు పంపిన జవాబులను ఆయా వారాల అంకెల పక్కనే రాసి పెట్టుకోవాలి. దసరా 2024లో అక్టోబరు 12న వచ్చింది, 2025లో 2న. పండగ జరిగిపోతుంది కాబట్టి పోయినేడాది అదే వారంతో పోల్చినా మళ్లీ ఇదే తప్పు జరుగుతుంది. ఏ వారం ఎందుకు అలా ఉందో రాసిపెట్టిన చోట, వచ్చే ఏడు దసరా వారాన్ని దసరా వారంతోనే పోల్చుకోగలం. రాసిపెట్టని చోట అంకెలు మాత్రం మిగులుతాయి, వాటితో ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరికి సాయం పంపాలో తేలదు.