నడిచే చుండ్రు

కుందేలు మెడ వెనక బొచ్చు విడదీసి చూస్తే తెల్లటి పొట్టు కనిపిస్తుంది. బోనులో పరిచిన ఊక దుమ్మో, రంపపు పొట్టో అంటుకుందనుకుని చాలామంది దులిపేస్తారు. రెండు రోజులకు మళ్లీ అదే పొట్టు, అదే చోట. భుజాల మధ్య, వీపు వెంట, తోక మొదట్లో బొచ్చు పలచబడుతుంది. అప్పుడు తలకు రాసుకునే చుండ్రు షాంపూ గుర్తొస్తుంది. దాన్ని వాడకముందే చేయవలసిన పని ఒకటుంది.

నల్ల కాగితమో, నల్ల గుడ్డో పరిచి, పేలదువ్వెనతో వీపు మీద దువ్వి ఆ పొట్టును దాని మీద రాల్చండి. మంచి వెలుతురులో కదలకుండా ఒక నిమిషం చూడండి. ఆ పొట్టులో కొన్ని రేణువులు మెల్లగా కదిలితే అది చుండ్రు కాదు. కేలిటియెల్లా అనే మైట్. అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఎనిమిది కాళ్లు, నోటి పక్కన కొక్కేల్లాంటి పట్లు. పొట్టు పెళ్లల కింద తిరుగుతూ వాటిని కదిలిస్తుంది. అందుకే పశువైద్యులు దీన్ని ‘నడిచే చుండ్రు’ అంటారు. ఏమీ కదలకపోయినా నిశ్చింతగా ఉండడానికి లేదు. పారదర్శకంగా ఉండే సెల్లో టేపును బొచ్చు మొదట్లో అద్ది, గాజు పలక మీద అంటించి సూక్ష్మదర్శినిలో చూస్తే పురుగు గానీ, వెంట్రుకకు అతుక్కున్న గుడ్డు గానీ దొరకవచ్చు. మన మండలాల్లోని పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా చూసేది ఆవులనూ మేకలనూ కాబట్టి ఆ టేపు ముక్కను వెంట తీసుకెళితే సగం పని అయినట్టే. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. విజయనగరం జిల్లావారికి అది దగ్గర, శ్రీకాకుళం నుంచీ మరీ దూరం కాదు.

వైద్యం దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పాలకొండలో ఒక ఇల్లు అనుకుందాం. రెండు కిలోల ఆడ కుందేలు, గోక్కుని గోక్కుని వీపు బోసిపోయింది. పక్క బోనులో దాని జంట, పైకి ఏ లక్షణమూ లేదు. ఇంటావిడ ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు.

‘ఏటండి డాక్టరు గారూ, దీని సుండ్రు నాకంటీసిందేటి?’ అని ఆవిడ అడుగుతుంది.

‘పురుగు మీ మీదికొచ్చి కుడుతుందమ్మా, కానీ మనిషి ఒంటి మీద కాపురం పెట్టలేదు. కుందేలుకి నయమైతే మీకూ తగ్గిపోద్ది. చర్మ వైద్యుడి దగ్గరికెళ్తే మాత్రం ఇంట్లో కుందేలుందని చెప్పండి. లేకపోతే గజ్జి అనుకుంటారు’ అనాలి ఆ డాక్టరు.

మందు ఐవర్‌మెక్టిన్. జపాన్ మట్టిలో సతోషి ఒమురా కనిపెట్టిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాన్ని మందుగా మలచిన విలియం క్యాంప్‌బెల్‌తో కలిపి ఆయనకు 2015లో నోబెల్ ఇచ్చారు. కుందేలుకు సాధారణంగా కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు చర్మం కింద ఇస్తారు. మందుల దుకాణంలో దొరికే పశువుల ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుంటాయి. అంటే మన రెండు కిలోల కుందేలుకు ఎక్కువ మోతాదు లెక్కేసినా 0.8 మిల్లీగ్రాములు, సీసాలోంచి తీసేది 0.08 మిల్లీలీటరు. ఒక్క చుక్క కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న కొలతకు ఇన్సులిన్ సిరంజి వాడతారు, ప్రమాదమూ అక్కడే ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు: ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లవి, 40 యూనిట్లవి. మొదటిదాంట్లో 8 యూనిట్లంటే 0.08 మిల్లీలీటరు. రెండోదాంట్లో అవే 8 యూనిట్లంటే 0.2 మిల్లీలీటరు, రెండున్నర రెట్లు. గొర్రెకు వేసిన చేత్తో ఉజ్జాయింపుగా కుందేలుకు వేస్తే ఇంకెంత పడుతుందో చెప్పలేం. అందుకే నా మాట ఒకటే: ఈ ఇంజెక్షన్ ఇంట్లో వేయకండి. వంటింటి తక్కెట మీద కుందేలును తూచి, ఆ బరువు కాగితం మీద రాసి డాక్టరుకివ్వండి.

ఒక ఇంజెక్షన్‌తో దురద చాలావరకు తగ్గుతుంది. అక్కడే చాలామంది ఆగిపోతారు, నెల తిరక్కుండానే పొట్టు మళ్లీ వస్తుంది. ఈ మందు గుడ్డును చంపదు. గుడ్డు నుంచి గుడ్డు పెట్టే పురుగు దాకా మూడు నుంచి అయిదు వారాలు పడుతుంది. మొదటి సూదికి మిగిలిన గుడ్లు పొదిగాక, ఆ పిల్ల పురుగులు పెద్దవై గుడ్లు పెట్టకముందే రెండో సూది పడాలి. అందుకే 10 నుంచి 14 రోజుల ఎడంతో మూడు సార్లు. జంట కుందేలుకు లక్షణాలు లేకపోయినా దానికీ అవే మూడు. పురుగు ఒంటి మీద లేకుండా పది రోజుల దాకా బతకగలదు. కాబట్టి ప్రతి సూది నాడు ఊక మొత్తం తీసి ఇంటికి దూరంగా పారేసి, బోనును వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టేది బోనునే. మన తీరపు వేసవిలో కుందేలును ఎండలో ఉంచితే పురుగుకంటే ముందు అదే పోతుంది.

చేయకూడనివి రెండు గట్టిగా చెప్పాలి. కుక్కల పేలకు, పిడుదులకు అమ్మే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలు మీద కొట్టకూడదు. కుక్కకు పడే ఆ మందు కుందేలుకు ఫిట్స్ తెప్పిస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. రెండోది, కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం, కిరోసిన్ పూయడం. కుందేలు ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునే జీవి. ఒంటికి రాసింది ఏదైనా కడుపులోకే పోతుంది. పైగా అది కక్కుకోలేదు.

గినీ పిగ్‌కు వచ్చేది వేరే జబ్బు, ఇంకా బాధాకరం. ట్రిక్సాకారస్ కేవియే అనే పురుగు చర్మంలోకి తవ్వుకుని దిగుతుంది. తొడల మీద, భుజాల మీద పొట్టు, పుండ్లు, పసుపు పెచ్చులు. దురద ఎంతటిదంటే వీపు మీద చెయ్యి వేయగానే కాళ్లు కొట్టుకుని మూర్ఛ వచ్చినట్టు పడిపోతుంది. మెదడు జబ్బని భయపడక్కర్లేదు, దురద తీవ్రతకే అలా అవుతుంది. పురుగు లోతున ఉంటుంది గనక టేపుకు చిక్కదు, చర్మం గీకి చూసినా ఒక్కోసారి దొరకదు. లక్షణాలు చూసే డాక్టరు మందు మొదలుపెట్టవచ్చు. అప్పటిదాకా దాన్ని ఊరికే పట్టుకుని ఎత్తకుండా చీకటి, చల్లని మూల ఉంచండి. గినీ పిగ్ శరీరం విటమిన్ సి తయారుచేసుకోలేదు. అది తక్కువైతే చర్మం మానదు. రోజూ చిన్న జామకాయ ముక్క పెడితే చాలావరకు సరిపోతుంది.

పొట్టంతా ఈ పురుగు పనే అనుకోనక్కర్లేదు. గుండ్రంగా, వెంట్రుకలు తెగిన మచ్చ అయితే తామర కావచ్చు. ముక్కు మీద, కాలి వేళ్ల మీద మందపాటి పెచ్చులు కడితే గజ్జి పురుగు. చెవి లోపల పొరలు పొరలుగా పెచ్చు పేరుకుంటే చెవి మైట్. ఆ చెవి పెచ్చును పీకకండి, కింద పచ్చి పుండు ఉంటుంది. మందు పడ్డాక అదే రాలిపోతుంది.

మూడో సూది అయిన రెండు వారాలకు మళ్లీ నల్ల గుడ్డ పరిచి దువ్వండి. ఇంకా పొట్టు రాలుతుంటే నాలుగో సూది అడగకముందు కుందేలు నోరు చూపించండి. ఈ మైట్లు చాలా కుందేళ్ల మీద కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉంటాయి. బాగున్న కుందేలు నాకి, పళ్లతో దువ్వుకుని వాటిని పెరగనివ్వదు. దవడ పళ్లు సూదిగా పెరిగి నాలుకకు గుచ్చుకుంటున్నా, ఒళ్లు లావెక్కి వీపు అందకపోయినా, నడుము నొప్పితో తిరగలేకపోయినా ఆ పని ఆగిపోతుంది. పురుగు పెరిగేది అక్కడే, అందని చోటే. రోజంతా మేత దాణాయే అయి గడ్డి లేకపోతే పళ్లు అరగవు. గరికా, ఎండుగడ్డీ దండిగా వేసి, పెరిగిన పంటిని డాక్టరు చేత అరగదీయిస్తే చాలాసార్లు మిగిలిన పొట్టు కూడా పోతుంది.